నింద లేకుండా నాలుగు వాక్యాలు

పద్మ, సునీత అనే ఇద్దరు స్నేహితురాళ్లను ఊహించుకుందాం. గుంటూరులో డిగ్రీ చదివిన మూడేళ్లూ హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. అది జరిగి పదిహేనేళ్లు. పద్మ ఇప్పుడు హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగి. సునీత విజయవాడలో కాపురం ఉంటోంది. వాళ్ల స్నేహమంతా వాట్సాప్‌లోనే నడుస్తోంది. సునీత నుంచి మెసేజ్ వచ్చిందంటే ఏదో పని పడ్డట్టే. ఇంటి లోనుకు ఏ కాగితాలు కావాలి, తమ్ముడి బయోడేటా ఎవరికైనా పంపుతావా అని అడుగుతుంది. పనేమీ లేకపోతే అత్తగారు ఇవాళ ఏమన్నారో చెబుతూ పది నిమిషాల వాయిస్ మెసేజ్ పెడుతుంది. పద్మ అన్నీ వింటుంది, అన్నిటికీ జవాబిస్తుంది. వాళ్ల నాన్నకు గుండెకు స్టెంటు వేసిన రోజున పద్మ ఆ సంగతి సునీతకు రాసింది. నాలుగు రోజులకు జవాబొచ్చింది: "అయ్యో, ఇప్పుడే చూశానే. జాగ్రత్తగా చూసుకో. అవునుగానీ, నా లోన్ ఫైలు కదిలిందా?"

ఇక్కడ గొడవ జరగలేదు, ద్రోహమూ జరగలేదు. కానీ ఫోన్ మీద ఆ పేరు కనబడగానే పద్మకు ప్రాణం ఉసూరుమంటోంది. ఇలాంటి స్నేహంలో చిక్కుకున్నవాళ్లలో కొందరు పళ్ల బిగువున భరిస్తారు. కొందరు ఏళ్ల తరబడి దాచుకున్నదంతా ఒకరోజు కక్కేస్తారు. ఇంకొందరు చెప్పాపెట్టకుండా నంబరు బ్లాక్ చేసి మాయమవుతారు. ఈ మూడూ కాకుండా, చిన్న మెసేజ్‌తో మర్యాదగా తప్పుకునే దారి ఒకటుంది. దాని కిటుకు ఒక్కటే. జరిగినదాని మీద తీర్పు చెప్పకుండా, ఇకమీదట నేనేం చేయనో మాత్రమే చెప్పాలి.

ఏకపక్షమా, కష్టకాలమా?

మెసేజ్ రాసేముందు తేల్చుకోవాల్సింది ఇదే. పురిటి ఇంట్లో ఉన్నవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, డిప్రెషన్‌తో సతమతమయ్యేవాళ్లు, ఇంట్లో మంచాన పడ్డ మనిషిని చూసుకుంటున్నవాళ్లు కొన్నాళ్లపాటు తీసుకోవడమే తప్ప ఇవ్వలేరు. అది కష్టకాలం. దానికి ఒక మొదలుంటుంది, అంతకుముందు వాళ్లు ఇలా ఉండేవాళ్లు కారు. ఏకపక్ష స్నేహానికి అలాంటి మొదలు దొరకదు. మంచి రోజుల్లోనూ అదే తీరు.

మన మనసు కోపంలో ఉన్నప్పుడు అన్నీ ఒకేలా గుర్తుచేస్తుంది కాబట్టి జ్ఞాపకాన్ని నమ్ముకోకూడదు. ఆ చాట్‌నే తెరిచి ఆరు నెలలు వెనక్కి వెళ్లి చదవాలి. మాట ఎవరు మొదలుపెట్టారు, ఎందుకోసం మొదలుపెట్టారు అన్నది చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మన సంగతి ఒకటి చెప్పినప్పుడు దాని కింద వచ్చిన మెసేజ్ ఏమిటో చూడాలి. మన విషయం మీద ఒక్క ప్రశ్నైనా అడిగారా, లేక మాట వెంటనే వాళ్లవైపు తిరిగిందా అన్నది అక్కడ తెలిసిపోతుంది.

ఆ తర్వాత ఒకసారి నోరు తెరిచి అడగాలి. "ఈ ఆదివారం ఒక అరగంట మాట్లాడతావా? నాన్న సంగతి నీతో చెప్పుకోవాలనుంది" అని పద్మ సూటిగా రాసి చూడాలి. చాలామంది ఈ మెట్టు ఎక్కకుండానే లోలోపల లెక్కలు వేసుకుంటారు. అడిగితే ఆదివారం ఫోన్ చేసి వినే మనిషైతే ఆ స్నేహాన్ని తెంచుకోనక్కరలేదు, మన అవసరాలు చెప్పడం నేర్చుకుంటే చాలు. అడిగినా ఫోన్ రాకపోతే, లేదా వచ్చిన అరగంటా అత్తగారి కథతోనే గడిచిపోతే, మన అనుమానం ఉత్తిది కాదని తేలినట్టే.

మాయమైపోతే ఏమవుతుంది?

సునీత తనది ఏకపక్ష స్నేహమని అనుకోవడం లేదు. ఈ సంగతి మరిచిపోతే మెసేజ్ తప్పకుండా తప్పుగా వస్తుంది. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఒకే కోర్సు చదువుతున్న 84 మందిని మీ తోటివాళ్లలో ఎవరు మీకు స్నేహితులు, వాళ్లు మీ గురించి ఏమనుకుంటారని అడిగారు. తాము స్నేహితులన్నవాళ్లు తమనూ స్నేహితులంటారని 94 శాతం సందర్భాల్లో నమ్మారు. నిజానికి అటూ ఇటూ సరిపోయినవి 53 శాతమే. స్నేహాన్ని ఇద్దరూ ఒకేలా చూస్తున్నారనుకోవడం మనందరిలోనూ ఉన్న పొరపాటన్నమాట. సునీత దృష్టిలో పద్మ ప్రాణస్నేహితురాలే. రోజూ మనసు విప్పి మాట్లాడేది ఆమెతోనే కదా!

అలాంటి మనిషికి హఠాత్తుగా జవాబులు ఆగిపోతే ముందు కంగారు పుడుతుంది. ఫోన్ పోయిందా, ఒంట్లో బాగాలేదా అని మిగతా స్నేహితులను వాకబు చేస్తుంది. తర్వాత తన పాత మెసేజ్‌లన్నీ తవ్వుకుంటూ ఏ మాట తప్పయిందోనని వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటకు అంతుండదు, ఎందుకంటే జవాబు చెప్పే మనిషి లేదు.

వెలివేత మనిషిని ఎంత త్వరగా గాయపరుస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త కిప్లింగ్ విలియమ్స్ ఒక చిన్న కంప్యూటర్ ఆటతో చూపించారు. తెర మీద ముగ్గురు బంతి విసురుకుంటారు. కాసేపటికి మిగతా ఇద్దరూ మనకు బంతి వేయడం మానేస్తారు. ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆడే కొద్ది నిమిషాల ఆటే అయినా, పక్కనపెట్టబడ్డవాళ్లు మనసు చివుక్కుమందని చెప్పారు. 2004 నాటి ప్రయోగంలోనైతే, అవతల ఆడుతున్నది మనుషులు కాదు, కంప్యూటరేనని ముందే చెప్పినా బాధ కలిగింది. తెర మీది బంతికే ఇంత బాధ ఉంటే, పదిహేనేళ్ల స్నేహితురాలి మౌనం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కరలేదు. అందుకే ఒక్క మాటైనా చెప్పి వెళ్లడం మన ధర్మం.

ఎప్పుడు మెసేజ్, ఎప్పుడు కాదు

అందరికీ మెసేజ్ అక్కరలేదు. పాత ఆఫీసులో పరిచయమైనవాళ్లు, పండక్కి పలకరించుకునేవాళ్లు ఉంటారు. వాళ్లతో మాటలు తగ్గించుకుంటూ వస్తే సరిపోతుంది. అంత చిన్న బంధానికి వీడ్కోలు ప్రకటన చేస్తే లేని గాయం రేపినట్టవుతుంది. మన జవాబు ఆలస్యమైతే "ఏమైంది?" అని అడిగేంత దగ్గరితనం ఉన్నవాళ్లకే చెప్పాల్సిన బాధ్యత ఉంటుంది. రోజూ ముఖాముఖి చూసుకునేవాళ్లైతే, ఒకే అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లైతే ఎదురుగానే చెప్పడం మంచిది. స్నేహం ఎక్కువగా మెసేజ్‌లలో బతుకుతున్నప్పుడు, ముగింపు కూడా అక్కడే చెప్పడం పిరికితనం అనిపించుకోదు. అవతలి మనిషికి ఏడ్వడానికైనా కోప్పడటానికైనా ఒంటరిగా కాస్త సమయం దొరుకుతుంది.

రెండు సందర్భాల్లో మాత్రం ఆగాలి. ఇద్దరి మధ్యా చేబదులో, చీటీ డబ్బో, హామీ సంతకమో ఉంటే ముందు దాన్ని తేల్చుకోవాలి. లేకపోతే వీడ్కోలు కాస్తా డబ్బు తగాదాగా కనిపిస్తుంది. ఇక బెదిరించే మనిషితో, వెంటబడి వేధించే మనిషితో ఈ మర్యాదలేవీ పనికిరావు. అక్కడ వివరణ ఇవ్వకుండా దూరం జరగడమే క్షేమం.

మూడు చిత్తుప్రతులు

పద్మ మొదట రాసేది బహుశా ఇలా ఉంటుంది: "నీకెప్పుడూ నీ గోలే. నాన్నకు స్టెంటు వేశారంటే కూడా నీకు నీ లోనే ముఖ్యమైంది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా నేనెలా ఉన్నానో అడిగావా? పర్లేదులే, నీ ఇష్టం." ఇందులో ప్రతి మాటా పద్మకు నిజమే. కానీ సునీత దీన్ని చదవగానే చేసే పని, తాను పద్మను పలకరించిన సందర్భాలు వెతకడం. ఒక పుట్టినరోజు శుభాకాంక్షో, ఒక "తిన్నావా?"నో తెచ్చి ముందు పెడుతుంది. "ఎప్పుడూ", "ఒక్కసారైనా" అన్న మాటలకు ఒక్క ఉదాహరణ చాలు కూలిపోవడానికి. అక్కడినుంచి వాదన మొదలవుతుంది. స్నేహం ముగియదు సరికదా, ఇంకో నెల రోజులు గొడవగా సాగుతుంది. చివరనున్న "పర్లేదులే, నీ ఇష్టం" అన్నది మంట మీద నెయ్యి.

రెండోసారి కాస్త తగ్గి ఇలా రాస్తుంది: "సారీ సునీ, బ్యాంకులో ఆడిట్ నడుస్తోంది, అస్సలు టైమ్ ఉండట్లేదు. ఫ్రీ అయ్యాక తప్పకుండా మాట్లాడుకుందాం." మెత్తగా ఉంది కానీ ఇది అబద్ధం. పైగా ఇది ముగింపు కాదు, వాయిదా. సునీత వచ్చే నెల "ఆడిట్ అయిపోయిందా?" అని అడుగుతుంది. అప్పుడు పద్మ ఇంకో సాకు వెతకాలి. సాకు చెప్పిన ప్రతిసారీ అవతలివాళ్లు దానికి పరిష్కారం చెబుతారు: సాయంత్రం చేస్తా, ఆదివారం చేస్తా, లంచ్ టైమ్‌లో చేస్తా. ఆశ పెట్టి తిప్పుకోవడం మౌనం కంటే మేలేమీ కాదు.

మూడోది ఇలా ఉండొచ్చు:

"సునీ, హాస్టల్లో నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు రాత్రంతా నా పక్కనే కూర్చున్నావు, అది నేనెప్పటికీ మర్చిపోను. కొన్నాళ్లుగా మన మాటలు నాకు బరువవుతున్నాయి, అందుకే ఇదివరకటిలా మాట్లాడటం, పనులు చూసిపెట్టడం నేను ఇకమీదట మానుకుంటున్నాను. నీ లోన్ ఫైలు ఎక్కడుందో మాత్రం ఈ శుక్రవారంలోగా కనుక్కుని చెప్తాను. నువ్వూ పిల్లలూ చల్లగా ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నా."

నాలుగు వాక్యాలు, నాలుగు పనులు. మొదటిది ఇద్దరి మధ్యా నిజంగా జరిగిన ఒక మంచి సంగతిని చెబుతుంది. "నువ్వు చాలా మంచిదానివి" లాంటి పొడి పొగడ్త కంటే ఒక రాత్రి జ్ఞాపకం బలమైనది, ఎందుకంటే ఆ స్నేహం అబద్ధం కాదని అది ఒప్పుకుంటోంది. రెండోది అసలు సంగతి. అందులో కర్త "నేను", క్రియ "మానుకుంటున్నాను". "నువ్వు బరువయ్యావు" అని లేదు. "కొన్నాళ్లు" ఆగుతానని లేదు, "ఇకమీదట" అని ఉంది. "మానుకోనా?", "ఏమంటావ్?" అని అనుమతి అడగడమూ లేదు, ఎందుకంటే ప్రశ్న గుర్తు పెట్టిన చోట బేరానికి తలుపు తెరుచుకుంటుంది. మూడోది మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలేయనన్న మాట. దానికి గడువు ఉంది కాబట్టి అది మళ్లీ సాగదు. నాలుగోది శుభం పలికి ఆగిపోతుంది. "టచ్‌లో ఉందాం", "ఎప్పుడైనా కలుద్దాం" అన్న మర్యాద మాటలు ఇక్కడ రాకూడదు. అవి వింటే, పైనున్నదంతా కోపంలో రాసిందనుకుంటారు.

"మన మాటలు నాకు బరువవుతున్నాయి" అన్నది తీయనా వద్దా అని చాలామందికి సందేహం వస్తుంది. ఉంచాలి. నింద లేకపోవడం అంటే కారణమే లేకపోవడం కాదు. అసలేమీ చెప్పకపోతే అది కూడా మౌనం కిందికే వస్తుంది.

గొంతు వినబడని చోట

మెసేజ్‌లో మన స్వరం వినబడదు, ఆ సంగతి మనకు గుర్తుండదు. రాస్తున్నప్పుడు మన చెవిలో మన గొంతు మోగుతూ ఉంటుంది. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు కొన్ని వాక్యాలను వ్యంగ్యంగానూ, కొన్నిటిని మామూలుగానూ రాసి ఈమెయిల్‌లో పంపారు. ఏది వ్యంగ్యమో అవతలివాళ్లు దాదాపు 78 శాతం సరిగ్గా పట్టుకుంటారని పంపినవాళ్లు అంచనా వేశారు. పట్టుకున్నది 56 శాతమే. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా దాదాపు అంతే వస్తుంది.

అందువల్ల మన తెలుగు మెసేజ్‌లలో కొన్ని చిన్న విషయాలు పెద్దవవుతాయి. పదిహేనేళ్లుగా "నువ్వు" అన్న మనిషిని హఠాత్తుగా "మీరు" అంటే అది గౌరవంలా ఉండదు, చెంపదెబ్బలా ఉంటుంది. ఎప్పుడూ ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసుకునే ఇద్దరిలో ఒకరు ఉన్నట్టుండి గ్రాంథికంగా రాస్తే లాయరు నోటీసు వచ్చినట్టుంటుంది. ఎలా పిలుచుకుంటారో అలాగే పిలవాలి, ఎలా రాసుకుంటారో అలాగే రాయాలి. వాక్యం చివర వరుసగా చుక్కలు పెడితే ఇంకేదో దాచినట్టు కనిపిస్తుంది. దండం పెట్టే బొమ్మను "నీకో నమస్కారం" అన్న ఎత్తిపొడుపుగా చదువుకునే అవకాశమూ ఉంది. బొమ్మలు లేకపోవడమే మంచిది.

రాయడం ఆ చాట్‌లో కాకుండా నోట్స్‌లోనో, మన నంబరుకు మనమే పంపుకునే చాట్‌లోనో మొదలుపెట్టాలి. సునీత చాట్‌లో కూర్చుని రాసి కొట్టేస్తుంటే "టైప్ చేస్తున్నారు" అని ఆమెకు అవతల కనిపిస్తూనే ఉంటుంది. పంపాక దిద్దుకోవడానికి వాట్సాప్ ఇచ్చే గడువు 15 నిమిషాలు. అందరికీ కనబడకుండా తొలగించడానికి రెండు రోజులకు పైగా సమయమున్నా, తొలగించిన గుర్తు అక్కడ మిగిలిపోతుంది. ఏం రాసి తీసేసిందోనన్న ఊహ అసలు మెసేజ్ కంటే ఎక్కువ బాధిస్తుంది. కాబట్టి రాసి ఒక రాత్రి పక్కన పెట్టి, తెల్లారాక బయటికి చదువుకుని చూడాలి. అది కోపంగా ఉన్న గొంతుతో చదివినా మర్యాదగానే వినబడితే పంపవచ్చు.

పంపే వేళ కూడా ముఖ్యమే. అర్ధరాత్రి వద్దు, పండగనాడు వద్దు, వాళ్లింట్లో పెళ్లో పరీక్షలో ఉన్న వారంలో వద్దు. పని తెమిలిన సాయంత్రం పూట, వాళ్లు ఏదైనా అడిగితే మనం జవాబివ్వగల సమయంలో పంపాలి. పంపేసి ఫోన్ ఆపేస్తే అది మాయమైపోవడంతో సమానం.

జవాబు వచ్చాక

ఎక్కువగా వచ్చేది ఇది: "ఏమైందే? నేనేం తప్పు చేశాను?" అప్పుడు పాత చిట్టా విప్పాలని చెయ్యి లాగుతుంది. "ఏమీ లేదులే" అని దాటేయాలనీ అనిపిస్తుంది. రెండూ వద్దు. "ఒక్క గొడవ వల్ల కాదు సునీ. మన మాటల్లో నా కష్టసుఖాలకు చోటు తగ్గిపోయిందని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. తప్పు ఎవరిదో తేల్చుకోవాలని లేదు" అని ఒకసారి చెబితే చాలు. రుజువులు చూపమంటే చూపకూడదు. ఉదాహరణ ఇచ్చిన మరుక్షణం మాట ఆ ఉదాహరణ గురించి అయిపోతుంది.

కోపంతో జవాబు రావచ్చు: "పెద్ద ఉద్యోగం కదా, ఇప్పుడు మేమెక్కడ కనిపిస్తాం!" దీనికి ఒక్కటే జవాబు: "నీకు బాధ కలిగించాను, క్షమించు. చెప్పాల్సింది చెప్పాను సునీ." దాని తర్వాత వచ్చేవాటిని చదవొచ్చు కానీ బదులివ్వకూడదు. ఇది అలక కాదు, మౌనంతో శిక్షించడమూ కాదు. కారణం ముందే చెప్పి ఆగిపోయాం.

కొందరు ఏమీ జరగనట్టే ఉంటారు. పది రోజులాగి "ఆధార్‌లో అడ్రస్ మార్చాలి, ఎలా?" అని అడుగుతారు. అసలు పరీక్ష ఇదే, ఎక్కువమంది ఓడిపోయేదీ ఇక్కడే. చిన్న పనే కదా అని చేసిపెడితే, ఆ నాలుగు వాక్యాలూ చెల్లకుండా పోతాయి. "దగ్గర్లో ఆధార్ కేంద్రానికి వెళ్తే మారుస్తారు. ఇలాంటివి ఇకమీదట నేను చూడనని చెప్పాను కదా" అని రాయాలి. మొదటి వాక్యం లేకుండా రెండోది రాస్తే కటువుగా ఉంటుంది, రెండోది లేకుండా మొదటిది రాస్తే అంతా మళ్లీ మొదటికొస్తుంది.

అరుదుగా నాలుగో రకం వస్తుంది: "నాన్నగారు ఎలా ఉన్నారో కూడా నేను అడగలేదు కదే. సిగ్గుగా ఉంది." ఇది నిజమైన పశ్చాత్తాపం, దీన్ని విదిలించకూడదు. అలాగని ఆ క్షణాన కరిగిపోయి "పర్లేదు, అన్నీ మర్చిపో" అనడమూ తొందరపాటే. "ఇలా అన్నందుకు నాకు సంతోషంగా ఉంది. కొన్నాళ్లు ఆలోచించుకుంటాను" అనవచ్చు. తర్వాత తలుపు తెరవాలనిపిస్తే తెరవచ్చు, లేకపోతే ఆ మాట చెప్పవచ్చు. క్షమాపణ చెప్పినంతమాత్రాన స్నేహం కొనసాగించాలన్న బాకీ ఎవరికీ ఉండదు.

పెళ్లిళ్లలో, గ్రూపుల్లో

మన ఊళ్లలో మనుషులు పూర్తిగా విడిపోరు. హాస్టల్ గ్రూపు ఉంటుంది, ఉమ్మడి స్నేహితుల పెళ్లిళ్లు ఉంటాయి, ఒకే బంతిలో భోజనానికి కూర్చోవాల్సి వస్తుంది. మెసేజ్ పంపిన వారంలోనే గ్రూపు నుంచి వెళ్లిపోతే అందరికీ డప్పు కొట్టి చెప్పినట్టే. గ్రూపులో ఉంటూ, సునీతతో వ్యక్తిగత చాట్‌ను ఆర్కైవ్‌లో పెట్టుకుంటే సరిపోతుంది. వేధింపు లేనప్పుడు బ్లాక్ చేయనక్కరలేదు. వాట్సాప్ స్టేటస్‌లో స్నేహం మీద సూక్తులు పెట్టడం మాత్రం కచ్చితంగా మానుకోవాలి. పేరు లేకపోయినా అవి ఎవరిగురించో అందరికీ తెలుస్తుంది.

మధ్యలోవాళ్లు "మీ ఇద్దరికీ ఏమైంది?" అని అడిగితే "ఇప్పుడు అంతగా మాట్లాడుకోవట్లేదు, గొడవేం లేదు" అన్న ఒక్క మాట చాలు. ఆ మాట తిరిగి సునీత చెవిన పడినా ఆమె తలదించుకోవాల్సిన పని ఉండకూడదు. ఎదురుపడితే పలకరించాలి. ఉగాదికి శుభాకాంక్షలు పంపితే శుభాకాంక్షలు చెప్పాలి. వాళ్లింట్లో ఎవరైనా పోతే పరామర్శకు వెళ్లాలి. ఇవి స్నేహానికి సంబంధించినవి కావు, సాటి మనిషిగా చేయాల్సినవి. వీటివల్ల స్నేహం తిరిగి మొదలైపోతుందని భయపడనక్కరలేదు, ఎందుకంటే ఏది ఆగిందో ఇద్దరికీ తెలుసు.

ఇంత జాగ్రత్తగా రాసినా సునీతకు బాధ కలుగుతుంది. ఎవరి మనసూ నొప్పించకుండా స్నేహాన్ని ముగించే వాక్యం ఏ భాషలోనూ లేదు. ఉందనుకుని వెతికేవాళ్లు ఏళ్ల తరబడి ఆ మెసేజ్ పంపలేరు. చివరికి విసిగి అరవనైనా అరుస్తారు, మాయమవనైనా అవుతారు. మనం తగ్గించగలిగింది అవమానాన్ని, అయోమయాన్ని మాత్రమే. పద్మ శుక్రవారంలోగా లోన్ ఫైలు సంగతి కనుక్కుని, ఆ ఒక్క మెసేజ్ పంపాలి. ఇచ్చిన ఆఖరి మాట నిలబెట్టుకుంటేనే, మొదటి వాక్యంలో చెప్పిన టైఫాయిడ్ రాత్రిని కూడా సునీత నమ్ముతుంది.